మెడకి ఏ పట్టీ, చంకకి ఏ పట్టీ: క్రాస్ పట్టీ మెలి తిరగకుండా ఎంచుకోవడం

మా వీధి చివర ఉండే అమ్మాయి కుట్టు నేర్చుకుంటోంది. రెండేళ్ల కూతురికి శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డతో చేతుల్లేని గౌను కుట్టి, చంకలకి క్రాస్ పట్టీ వేసి లోపలికి తిప్పింది. రెండుసార్లు ఉతికేసరికి పట్టీ బయటికి తిరగబడి పురి తిప్పిన తాడులా అయింది. "అక్కా, ఎన్ని తూర్లు ఇస్త్రీ చేసినా బయటికే వస్తాంది" అంటూ పట్టుకొచ్చింది. చూస్తే కుట్టు చక్కగానే ఉంది, పట్టీ కూడా సరైన ఐమూలగానే కత్తిరించింది. పట్టీ వెడల్పు మాత్రం ముప్పావు ఇంచు. పదకొండు ఇంచుల చంకకి ముప్పావు ఇంచు పట్టీని లోపలికి తిప్పితే ఎంత చేయి తిరిగినవాళ్లు కుట్టినా అది బల్లపరుపుగా కూర్చోదు.

తిరుపతిలో నా దగ్గరికి కుట్టడానికి వచ్చే బట్టల్లో, సరిచేయడానికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఇలాంటివే. అంచు ముగించే పద్ధతులు నాలుగున్నాయి, వాటిలో ఈ వంపుకి నప్పేది ఏదో చూసుకోకుండా అలవాటైనదే వేసేస్తాం. ఆ నాలుగూ ఇవి: పట్టీని పూర్తిగా లోపలికి తిప్పడం, పైకి కనిపించేలా ఒక పొర బైండింగ్, రెండు పొరల బైండింగ్, తాడు పెట్టిన పైపింగ్.

ముందు చూసుకోవాల్సింది ఏ అంచు పొడవు, ఏ అంచు పొట్టి

అన్నం తినే కంచం అంచును ఊహించుకోండి. అంచు బయటి గీత పొడవు ఎక్కువ, లోపలి గీత పొడవు తక్కువ. ఈ రెంటికీ తేడా కంచం చిన్నదా పెద్దదా అన్నదాన్ని బట్టి మారదు, అంచు ఎంత వెడల్పుందో దాన్ని బట్టే ఉంటుంది. అంచు వెడల్పును ఆరుంపావుతో గుణిస్తే ఆ తేడా వస్తుంది. చంకలాంటి పూర్తి గుండ్రానికి ఈ లెక్క దాదాపుగా సరిపోతుంది. జాకెట్టు వెనక మెడలో ఉండే అర్ధచంద్రం లాంటి భాగానికైతే అందులో సగం, అంటే మూడు రెట్ల కంటే కాస్త ఎక్కువ.

ఈ ఒక్క లెక్క చేతిలో ఉంటే మిగతా సందేహాలు చాలావరకు తీరతాయి. పావు ఇంచు బైండింగ్‌కి రెండు అంచుల తేడా ఇంచిన్నర పైన. ముప్పావు ఇంచు పట్టీకి దగ్గర దగ్గర నాలుగుముప్పావు ఇంచులు. పెద్దవాళ్ల కుర్తా చంక పద్దెనిమిది ఇంచులు ఉంటే నాలుగుముప్పావు సాగడాన్ని మెత్తని కాటన్ ఏదో కష్టపడి ఓర్చుకుంటుంది. పదకొండు ఇంచుల చంకలో అదే నాలుగుముప్పావు అంటే దాదాపు సగం పొడవు అదనంగా సాగాలి, అది అయ్యే పని కాదు. సాగలేని పట్టీ సులువుగా ఉండే చోటికి, అంటే బయటికి తిరిగిపోతుంది. మా వీధి అమ్మాయి గౌనుకి జరిగింది ఇదే.

రెండో సంగతి, పొడవైన అంచు ఏ వైపు పడుతుందన్నది. మెడ, చంక లోపలి వంపులు. వీటికి పట్టీని పూర్తిగా లోపలికి తిప్పితే కుట్టు దగ్గర ఉన్న అంచు పొట్టిది, లోపల వదులుగా ఉన్న అంచు పొడవైనది. అదే మెడకి పైకి కనిపించే బైండింగ్ వేస్తే వ్యవహారం తారుమారవుతుంది. కుట్టు బట్ట మీద కాస్త లోపలగా పడుతుంది కాబట్టి కుట్టు గీత పొడవైనది, బయటి మడత పొట్టిది. అందుకే "మెడకి పట్టీ లాగి కుట్టాలి" అని ఒకరు, "లాగకూడదు" అని మరొకరు చెబితే ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు. ఒకరు బైండింగ్ గురించి, మరొకరు లోపలికి తిప్పే పట్టీ గురించి మాట్లాడుతున్నారు.

చొంగ గుడ్డ మూలలు, కుర్తా కింద గుండ్రంగా తిప్పిన పక్క చీలికలు, టేబుల్ మ్యాట్ మూలలు బయటి వంపులు. వాటికి బైండింగ్ వేసేటప్పుడు మడతే పొడవైన అంచు అవుతుంది. పావు ఇంచు బైండింగ్ ఒక మూల చుట్టూ తిరిగేటప్పుడు మడతకి కుట్టు గీత కంటే అర ఇంచుకి కాస్త తక్కువగా ఎక్కువ పొడవు కావాలి. అక్కడ పట్టీని లాగితే మూల దొన్నెలా పైకి లేస్తుంది. లాగకుండా, వేలితో కొంచెం లోపలికి తోస్తూ కుట్టాలి. బయటి వంపుల గురించి ఇంతకంటే చెప్పాల్సింది పెద్దగా లేదు, అవి ఎక్కువ ఇబ్బంది పెట్టవు.

ఇక మూడోది పొరల మందం. కలంకారీకి వాడే కాటన్ కాస్త దళసరి. వెంకటగిరి చీర మిగులు గుడ్డ పల్చన. పల్చని గుడ్డకి ఎన్ని పొరలు వేసినా అణిగిపోతాయి, దళసరి గుడ్డకి రెండు పొరల బైండింగ్ వేస్తే మెడ చుట్టూ టైరు పెట్టినట్టుంటుంది.

నాలుగు పద్ధతులూ ఒకచోట

| పద్ధతి | కత్తిరించే వెడల్పు | లోపలి వంపులో పట్టీని పట్టుకునే తీరు | ఎక్కడ బాగుంటుంది | ఎక్కడ వద్దు |
|---|---|---|---|---|
| లోపలికి తిప్పే పట్టీ | ఒకటింపావు ఇంచు, రెండుగా మడిచి | లాగకూడదు, వదులుగా వేయాలి | పైన ఏమీ కనిపించకూడదనుకునే కుర్తాలు, జాకెట్టు మెడ | చిన్న పిల్లల చంక, అవతలికి కనిపించే గుడ్డ |
| ఒక పొర బైండింగ్ | ఇంచు మీద ఒక నూలు | వంపు దగ్గర కొద్దిగా లాగాలి | దళసరి గుడ్డ, కలంకారీ | జారిపోయే పల్చని గుడ్డ |
| రెండు పొరల బైండింగ్ | ఇంచిన్నర మీద ఒక నూలు | వంపు దగ్గర కొద్దిగా లాగాలి | పిల్లల బట్టలు, పల్చని గుడ్డ, ఎక్కువగా ఉతికేవి | దళసరి గుడ్డ |
| తాడు పైపింగ్ | ఒకటింపావు నుంచి ఇంచిన్నర | తాడును అసలు లాగకూడదు | లైనింగ్ ఉన్న పట్టు జాకెట్టు | లైనింగ్ లేని బట్ట, మొదటిసారి కుట్టేవాళ్లు |

నూలు అంటే ఇంచులో ఎనిమిదో వంతు. రెండు బైండింగ్‌ల కొలతలూ, కుట్టాక పావు ఇంచు కనిపించేందుకు వేసినవి. ఒక పొరకి కనిపించే వెడల్పుకి నాలుగు రెట్లు, రెండు పొరలకి ఆరు రెట్లు తీసుకుని, సాగినప్పుడు పట్టీ సన్నబడుతుంది కాబట్టి ఒక నూలు కలిపాను.

లోపలికి తిప్పే పట్టీ

మన దగ్గర ఎక్కువ మంది మొదట నేర్చుకునేది ఇదే, అందుకే అన్నిటికీ దీన్నే వేస్తారు. పైన కుట్టు గాని రంగు గాని కనిపించదు, చేత్తో హెమ్మింగ్ చేస్తే ఇంకా అందంగా ఉంటుంది. కాకపోతే వెడల్పు విషయంలో చాలా పేచీ పెడుతుంది.

పూర్తయ్యాక లోపల కనిపించే వెడల్పు అర ఇంచుకి మించనివ్వకండి. పిల్లల బట్టకి ఇదే వేయక తప్పకపోతే మూడు నూళ్లు చాలు. పదకొండు ఇంచుల చంకకి మూడు నూళ్ల పట్టీ వేస్తే లోపలి అంచు పదమూడు ఇంచుల పైచిలుకు కావాలి, అంటే ఐదో వంతు సాగాలి. ఐమూలగా కత్తిరించిన కాటన్ ఇస్త్రీ సాయంతో అంత సాగుతుంది.

ఆ సాగడాన్ని కుట్టాక బలవంతంగా తెప్పించకుండా ముందే ఇస్త్రీతో తెచ్చుకోవాలి. పట్టీని నిలువుగా రెండుగా మడిచి, కొద్దిగా తడి చేసి, మడత ఉన్న వైపును చేత్తో లాగుతూ, కోసిన అంచులున్న వైపు వదులు చేస్తూ అరచంద్రంలా వంచి ఇస్త్రీ పెట్టండి. ఇస్త్రీ పెట్టెను పట్టీ మీద ఈడ్చకూడదు, పెట్టి ఎత్తాలి. ఈడిస్తే పోగులు ఒక పక్కకి జరిగి అక్కడే మెలిక మొదలవుతుంది. అలా వంపు తిరిగిన పట్టీని మెడ మీద పెడితే లాగాల్సిన అవసరం లేకుండా తనంతట తానే కూర్చుంటుంది. పాలిస్టర్ కలిసిన గుడ్డ ఇలా ఇస్త్రీకి లొంగదు, కాబట్టి దానికి ఈ పద్ధతి వద్దు.

కుట్టాక మార్జిన్‌ను ఒక నూలు దాకా కత్తిరించి, వంపులో కుట్టుకి రెండు పోగుల దూరం వరకు గాట్లు పెట్టండి. ఆ తర్వాత చాలామంది వదిలేసే పని ఒకటుంది. పట్టీనీ మార్జిన్‌నీ కలిపి, పట్టీ వైపు కుట్టుకి ఆనుకుని ఇంకో కుట్టు వేయాలి. పట్టీ బయటికి తొంగిచూడకుండా ఆపేది ఆ కుట్టే.

బైండింగ్: ఒక పొరా, రెండు పొరలా

ఒక పొర బైండింగ్‌లో పట్టీ రెండు అంచుల్నీ లోపలికి మడవాలి. రెండు పొరలదాన్ని నిలువుగా సగానికి మడిచి, కోసిన అంచులు రెంటినీ కలిపి ఒకేసారి కుడతాం, అవతల మడత సిద్ధంగా ఉంటుంది. మొదటిసారి కుట్టేవాళ్లకి నేను రెండు పొరలదే చెబుతాను. చివర్లో ఆ పావు ఇంచు అంచును వేళ్లతో మడుస్తూ పోవడంలోనే కొత్తవాళ్ల చేతిలో పట్టీ పక్కకి జరుగుతుంది. రెండు పొరల్లో ఆ బెడద లేదు. ఒక పొర అరిగినా రెండోది ఉంటుంది కాబట్టి రోజూ ఉతికే పిల్లల బట్టలకి ఎక్కువ కాలం మన్నుతుంది.

దళసరి కలంకారీకి మాత్రం ఒక పొరే. అక్కడ గుడ్డ గట్టిగా ఉండటం వల్ల అంచు మడవడం కూడా కష్టం కాదు.

బైండింగ్‌లో అందరూ చేసే తప్పు మార్జిన్ దగ్గర జరుగుతుంది. కటింగ్‌లో చంకకి అర ఇంచు మార్జిన్ వదులుతాం. లోపలికి తిప్పే పట్టీకి ఆ మార్జిన్ కావాలి. బైండింగ్‌కి అక్కర్లేదు, బట్ట కోసిన అంచే చివరి అంచు. మార్జిన్ తీసేయకుండా బైండింగ్ వేస్తే చంక చుట్టుకొలత మూడు ఇంచుల పైన తగ్గిపోతుంది. పదకొండు ఉండాల్సింది ఎనిమిదికి కూడా రాదు. "కొలత సరిగ్గానే తీశాను, బిడ్డకి పట్టలేదు" అని వచ్చే గౌన్లలో సగం ఇవే.

తాడు పైపింగ్

పెళ్లిళ్ల సీజన్‌లో పట్టు జాకెట్టంటే గోల్డ్ పైపింగ్ వేయమనే అడుగుతారు. ఇది వేసినవాళ్లకి అందమూ, కుట్టినవాళ్లకి టెన్షనూ. మెడ వంపులో పట్టీ సాగుతుంది గాని లోపలి తాడు సాగదు. తాడును లాగి కుడితే మిషన్ మీంచి తీయగానే అది వెనక్కి గుంజుకుని మెడంతా ముడతలు పడుతుంది. తాడును వదులుగా పెట్టి, పట్టీ మార్జిన్‌కి మాత్రం వంపులో మూడు నూళ్లకొక గాటు పెడితే తాడు వంపు తిరుగుతుంది. నూలు తాడైతే ముందే నానబెట్టి ఆరబెట్టండి. లేకపోతే మొదటి ఉతుకులో తాడు కుదించుకుపోతుంది, జాకెట్టు కుదించుకోదు, ఆ తర్వాత దాన్ని విప్పి కుట్టడం తప్ప మార్గం లేదు.

మార్జిన్ అంతా లైనింగ్‌కీ పై గుడ్డకీ మధ్యలో దాక్కోవాలి కాబట్టి లైనింగ్ లేని బట్టకి పైపింగ్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

పట్టీ కత్తిరించడం: విడివిడిగానా, గొట్టంలానా, కొన్నదా

ముందు సరైన ఐమూల దొరకాలి. బట్ట పక్క అంచుని ఆనవాలుగా పెట్టుకుని స్కేలుతో గీసేస్తే సరిపోదు. మరమగ్గం గుడ్డలో అడ్డ పోగు తరచూ వంకరగా ఉంటుంది, చుట్ట చుట్టేటప్పుడు ఇంకా లాగబడుతుంది. ఒక అడ్డ పోగును లాగి తీసి, ఆ గీత మీద కత్తిరించండి. ఆ అంచును నిలువు పోగు మీదికి వచ్చేలా మడిస్తే మడత పడిన గీతే ఐమూల. దాన్ని వేలితో సున్నితంగా నొక్కి, విప్పి, చాక్‌తో పొడవాటి స్కేలు పెట్టి గీయాలి. మడత మీదే కత్తెర పెట్టకండి, పట్టీ మధ్యలో మోకాలు వంగినట్టు కోణం వస్తుంది.

రూబియా లాంటి మెత్తని గుడ్డ గీస్తుంటేనే జరిగిపోతుంది. దానికి పల్చని గంజి పెట్టి, ఆరాక ఇస్త్రీ చేసి అప్పుడు గీస్తే కాగితంలా నిలబడుతుంది. క్రేప్, జార్జెట్ లాంటివాటికి కింద వార్తాపత్రిక పరిచి కాగితంతో కలిపి కత్తిరించడం మేలు.

విడివిడి పట్టీలు కత్తిరించడమా, లేక చదరం గుడ్డను గొట్టంలా కుట్టి ఒకే పొడవైన పట్టీగా కోసుకుంటూ పోవడమా అన్నది ఎంత పొడవు కావాలో దాన్ని బట్టి తేల్చుకోండి. 18 ఇంచుల చదరాన్ని గొట్టం పద్ధతిలో ఇంచిన్నర పట్టీగా కోస్తే కుట్లలో పోయేది పోగా దాదాపు ఐదున్నర గజాలు వస్తుంది. బొంత అంచుకో, ఒకే రంగు గౌన్లు పది కుట్టడానికో ఇది హాయి. అయితే అతుకులు ఎక్కడ పడాలో మన చేతిలో ఉండదు, ఒక్కోసారి మెడ మధ్యలోనే వచ్చి కూర్చుంటాయి. గుడ్డ నిజంగా చదరంగా లేకపోతే పట్టీ మొత్తం ఐమూల తప్పుతుంది, ఆ సంగతి కుట్టేదాకా తెలియదు. ఒక గౌనుకో, ఒక జాకెట్టుకో విడి పట్టీలే నయం. అదే 18 ఇంచుల చదరంలో మూల నుంచి మూలకి 25 ఇంచుల పైన పొడవుంటుంది, పిల్లల చంకకి మధ్యలో అతుకు లేని పట్టీ వచ్చేస్తుంది.

అంగడిలో దొరికే రెడీమేడ్ టేపు టైమ్ ఆదా చేస్తుంది. కొనేముందు ఒక మూర విప్పి చూడండి. పోగులు రెండూ అంచుకి ఒకే వాలులో ఉండాలి. ఒకటి నిటారుగా, ఇంకొకటి పడుకున్నట్టు ఉంటే అది సరైన ఐమూల కాదు. రెండు చేతులతో సాగదీసి వదిలినప్పుడు తిన్నగా వెనక్కి వస్తే తీసుకోవచ్చు, ఒక పక్కకి చుట్టుకుంటే వద్దు. నేను ఒకసారి ఇవేవీ చూడకుండా ఎర్ర టేపు ఒక చుట్ట కొని ఆరు గౌన్లకి వేశాను. ఆరూ ఒకే దిక్కుకి మెలి తిరిగాయి. అన్నీ విప్పి మళ్లీ కుట్టడానికి రెండు రోజులు పట్టింది. మంచి టేపైనా కాస్త బిరుసుగా ఉంటుంది. బయటి వంపులకీ, పెద్ద మెడలకీ పరవాలేదు, చిన్న చంకలకి మాత్రం సొంతంగా కోసిన మెత్తని పట్టీ ముందు నిలవదు.

అతుకు

రెండు పట్టీల కొనలూ నిలువు పోగు వెంబడే కోసి ఉండాలి, రెండూ ఒకే దిక్కుకి వాలి ఉండాలి. మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, పట్టీలు ఒకదానికొకటి ఎల్ ఆకారంలో ఉండేలా సర్దండి. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. కొనలు రెండూ సరిగ్గా కలిసేలా పెట్టాలనిపిస్తుంది, అలా పెట్టకూడదు. రెండు వైపులా చిన్న పిల్లి చెవుల్లా మొనలు బయటికి రావాలి. ఆ చెవికీ పట్టీకీ మధ్య పడే సందులో కుట్టు మొదలై అవతలి సందులో ముగియాలి. కొనలు కలిపి కుడితే పట్టీ తెరిచినప్పుడు అతుకు దగ్గర మెట్టు వస్తుంది, ఆ మెట్టు దగ్గర వెడల్పు మారిపోతుంది, మెలిక అక్కడి నుంచి మొదలవుతుంది.

చిన్న కుట్టు వేసి, మార్జిన్ రెండు పక్కలకీ విప్పి ఇస్త్రీ పెట్టి, చెవులు కత్తిరించేయండి. ఈ అతుకు ఏటవాలుగా వస్తుంది కాబట్టి మందం ఒక్కచోట పోగవదు, పట్టీతో పాటే సాగుతుంది. అడ్డంగా అతికితే ఆ ఒక్క చోట పట్టీ సాగదు.

ఆ గౌను చంక ఎలా సరిచేశాం

పాత పట్టీ విప్పేశాం. పాప గౌను, రోజూ ఉతికేది. గుడ్డ మరీ దళసరి కాదు. కాబట్టి పావు ఇంచు రెండు పొరల బైండింగ్ వేద్దామనుకున్నాం. పట్టీకి తెల్ల పాప్లిన్ అనుకుంది, నేను వద్దన్నాను. కలంకారీ రంగు ఇంకా కొద్దిగా వదులుతూనే ఉంది. ముదురు గోధుమ రంగు కాటన్ తీసుకుని, నానబెట్టి నీడన ఆరబెట్టాం.

మొదట లోపలికి తిప్పిన మార్జిన్‌ని కోసేశాం. కోసిన అంచు చుట్టుకొలత పదకొండు ఇంచులు. కుట్టు పావు ఇంచు లోపల పడుతుంది కాబట్టి ఆ గీత పొడవు పన్నెండున్నర. మడతేమో పదకొండులో కూర్చోవాలి. ఈ రెంటికీ మధ్యలో, మడత వైపే కాస్త మొగ్గి, వలయం పదకొండున్నర ఇంచులు ఉండాలని లెక్కేశాం. కొనలు ఏటవాలు కాబట్టి అతుకులో పావు ఇంచు మార్జిన్‌కి రెండు కొనలూ కలిపి ముప్పావు ఇంచు దాకా పోతుంది. అందుకని పట్టీని అంచు వెంబడి పన్నెండుంపావు పొడవు, ఇంచిన్నర మీద ఒక నూలు వెడల్పు కోశాం. ముందే వలయంలా అతికేశాం. అంత చిన్న చంకలో చివర్లో కొనలు కలపడం చేతులకి కష్టం, అతుకు సరిగ్గా రాదు.

వలయాన్ని నిలువుగా మడిచి ఇస్త్రీ చేశాక నాలుగు సమాన భాగాలుగా చాక్ గుర్తులు పెట్టాం. గుర్తు మడత అంచు నుంచి కోసిన అంచు దాకా అడ్డంగా ఒకే గీతగా ఉండాలి, అది తర్వాత పనికొస్తుంది. చంకకి కూడా భుజం కుట్టు, పక్క కుట్టు, ముందు, వెనక అని నాలుగు గుర్తులు. పట్టీ అతుకును పక్క కుట్టు మీదకి రానివ్వకుండా అర ఇంచు వెనక్కి జరిపాం, లేకపోతే రెండు అతుకులూ ఒకచోట పడి గడ్డలా తగులుతుంది.

పట్టీని బట్ట లోపలి వైపు పెట్టి, గుర్తులు కలిపి గుండుసూదులు గుచ్చి కుట్టాం. భుజం దగ్గర చంక దాదాపు తిన్నగా ఉంటుంది, అక్కడ లాగలేదు. లాగడమంతా కింద చంక గుంట దగ్గరే. వలయం మొత్తాన్ని ఒకేలా లాగితే భుజం దగ్గర ముడతలు పడి, గుంట దగ్గర పట్టీ వదులుగా లేస్తుంది. మిషన్ ఫుట్ ఒత్తిడి కొంచెం తగ్గించాం. ఒత్తిడి ఎక్కువైతే ఫుట్ పై పొరను ముందుకి తోస్తుంది, కింద పళ్లు కింది పొరను వెనక్కి లాగుతాయి.

తర్వాత మడతను పై వైపుకి తిప్పాం. ఇక్కడ చాక్ గుర్తులు పనికొచ్చాయి. తిప్పిన తర్వాత మడత మీది గుర్తు, కుట్టు దగ్గరి గుర్తుకి సరిగ్గా ఎదురుగా ఉండాలి. ఒక నూలు పక్కకి జరిగినా ఆ గీత ఏటవాలుగా కనిపిస్తుంది. మా మొదటి ప్రయత్నంలో రెండో గుర్తు దగ్గర అలాగే జరిగింది. సూదులు తీసి, సర్ది, కచ్చా కుట్టు వేశాకే పై కుట్టు వేశాం. పై కుట్టు కూడా మొదటి కుట్టు ఏ దిక్కున వెళ్లిందో చంక చుట్టూ ఆ దిక్కునే వేశాం.

మెలిక కనిపిస్తే ఎక్కడ తప్పిందో ఎలా తెలుస్తుంది

పట్టీ మీద ఏటవాలు ముడతలు ఒకే దిక్కుకి వరసగా ఉంటే తిప్పేటప్పుడు మడత జరిగింది. పై కుట్టు మాత్రం విప్పితే చాలు. ముడతలు పొడవునా అడ్డంగా, చిన్న అలల్లా ఉండి బైండింగ్ లేచి నిలబడితే పట్టీని తక్కువ లాగారు, వలయం పొడవు ఎక్కువైంది. పట్టీ బాగానే ఉండి పక్కనున్న బట్ట కుచ్చులు పడితే ఎక్కువ లాగారు. ఈ రెంటిలో దేనికైనా మొదటి కుట్టే విప్పాలి, ఇస్త్రీతో దాచాలనుకుంటే ఒక్క ఉతుకులో బయటపడుతుంది. ఏం చేసినా ఒక పక్కకే చుట్టుకుంటుంటే పట్టీ ఐమూల తప్పింది, దాన్ని సరిచేయలేం, వేరే పట్టీ కోయాల్సిందే.

ఎవరికి ఏది

ఇంట్లో పిల్లలకి కుట్టుకునేవాళ్లు రెండు పొరల బైండింగ్ ఒక్కటే బాగా నేర్చుకుంటే చంకకీ మెడకీ అన్నిటికీ సరిపోతుంది. రోజుకి నాలుగైదు జాకెట్లు కుట్టి ఇచ్చేవాళ్లకి లోపలికి తిప్పే పట్టీయే త్వరగా అవుతుంది, అర ఇంచు దాటనివ్వకుండా ఇస్త్రీ వంపు మాత్రం మానకండి. లోతైన గుండ్రం వెనక మెడ ఉన్న పట్టు జాకెట్టుకి లైనింగ్ ఎలాగూ వేస్తారు కాబట్టి పైపింగ్ దండగ కాదు, తాడు సన్నదైతే వంపు ఇంకా బాగా తిరుగుతుంది. అవతలికి కనిపించే ఆర్గంజా లాంటి గుడ్డకి లోపల పట్టీ నీడలా కనిపిస్తుంది, దానికి సన్నని రెండు పొరల బైండింగే. కలంకారీ కుర్తాకి ఒక పొర బైండింగ్, అదే కలంకారీ పసిబిడ్డ గౌనైతే పట్టీ గుడ్డను మాత్రం మెత్తని కాటన్‌కి మార్చి రెండు పొరలు.

గౌను రెండో చంకను ఆ అమ్మాయే కుట్టింది. గుర్తులన్నీ కలిశాయి, గుంట దగ్గర మాత్రం ఒకచోట కాస్త ఎక్కువ లాగినట్టుంది, బట్ట అక్కడ చిన్న కుచ్చు పడింది. విప్పమంటావా అని అడిగింది. చెయ్యి కిందకి దింపితే కనిపించని చోటది, వదిలేయమన్నాను.